కావలసింది ఎవరు? కావలసిన పని ఏది?

ఉద్యోగ ప్రకటన నాలుగు పంక్తుల చిన్న రచనే గాని, దానికి ఒక తలుపుకున్నంత బలం ఉంది. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు గడప బయటే ఆగిపోవాలో అది ముందే చెప్పేస్తుంది. దరఖాస్తు చేసి తిరస్కరణకు గురైనవారు కనీసం ఎందుకని అడగగలరు. ప్రకటన చదివి ‘ఇది మనకు కాదులే’ అని వెనుదిరిగినవారి లెక్క ఎక్కడా ఉండదు. మైనారిటీల ఉపాధిని గురించి మాట్లాడేటప్పుడు మేము ఎప్పుడూ నియామకం దగ్గరే మొదలుపెడుతున్నాం. నిజానికి అంతకు ఒక మెట్టు కిందనే, ప్రకటన భాష దగ్గరే మొదలుపెట్టాలన్నది ఈసారి మా వాదన.

దీనికి యజమానుల నుంచి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ‘మాటలు మారిస్తే పనికిరానివారంతా వస్తారు, మాకు కావలసిన అర్హతలు మేము అడగవద్దా?’ అంటారు. తప్పక అడగాలి. పక్షపాతాన్ని తీసివేయడమంటే అర్హతను తగ్గించడం కాదు. ఒక్క అర్హతను కూడా వదులుకోకుండానే ప్రకటనను శుభ్రం చేయవచ్చు. అది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

వనపర్తి జిల్లా గోపాల్‌పేట వంటి మండల కేంద్రంలో ఒక ఎరువుల, విత్తనాల దుకాణానికి మనిషి కావాలనుకుందాం. ఏ దుకాణాన్నీ దృష్టిలో పెట్టుకోకుండా, ఇటువంటి ప్రకటనల్లో తరచుగా కనిపించే మాటలతోనే దీన్ని కూర్చాం:

“కావలెను: చురుకైన యువకుడు. వయసు 20–28. పెళ్లికానివాడు, మంచి కుటుంబానికి చెందినవాడు, తెలుగు మాతృభాషగా గలవాడై ఉండవలెను. ఇంటర్ పాసై, కంప్యూటర్ తెలిసి, బస్తాలు మోయగలిగి, బైక్ లైసెన్సు ఉండి, ఎంత రాత్రయినా పని చేయగలవాడు. శాకాహారికి ప్రాధాన్యం. ఫొటోతో కలువవలెను.”

ఇందులో మొదట చేయవలసింది మాటలు కొట్టివేయడం కాదు. ఆ గుమాస్తా ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏం చేస్తారో వేరే కాగితం మీద రాయాలి. రైతు ఆధార్‌ను సరిచూసి ఈ-పాస్ యంత్రం మీద ఎరువు అమ్మాలి. కంప్యూటర్‌లో బిల్లు వేయాలి. సాయంత్రం స్టాకు రిజిస్టరును గోదాములో ఉన్న బస్తాలతో సరిపోల్చాలి. సంచి మీది తెలుగు అక్షరాలు చదివి రైతుకు చెప్పాలి. బస్తాను కౌంటరు నుంచి గుమ్మం దాకా చేర్చాలి. అప్పుడప్పుడు వనపర్తి వెళ్లి బ్యాంకులో డబ్బు కట్టి రావాలి. ఈ జాబితాను పక్కన పెట్టుకుని ప్రకటనలోని ఒక్కో మాటను ‘నీవు ఏ పని కోసం ఉన్నావు?’ అని అడగాలి. జవాబు చెప్పగలిగిన మాట అర్హత. జవాబు చెప్పలేనిది యజమాని మనసులో ముందే ఉన్న మనిషి బొమ్మ.

ఇంటర్, కంప్యూటర్, లైసెన్సు వెంటనే జవాబు చెబుతాయి. వాటిని ముట్టుకోనక్కరలేదు. ‘బస్తాలు మోయగలగడం’ కూడా నిజమైన అవసరమే, కాని అది అస్పష్టంగా ఉంది. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. లారీ దించేది హమాలీలైతే గుమాస్తా మోయవలసింది రోజుకు కొన్ని బస్తాలే. ‘45–50 కిలోల బస్తాను కౌంటరు నుంచి గుమ్మం వరకు చేర్చాలి’ అని రాస్తే చాలు. పొలంలోనూ కళ్లంలోనూ బరువులెత్తే స్త్రీ తనకది సాధ్యమో కాదో తానే తేల్చుకుంటుంది. ‘యువకుడు’ అన్న మాటతో ఆ తీర్పును యజమాని ముందే చెప్పేస్తున్నాడు. అర్హత మెత్తబడలేదు సరికదా, ఇప్పుడు పురుషులకు కూడా తామేమి చేయవలసి ఉంటుందో స్పష్టమైంది.

కొన్ని మాటల వెనుక నిజమైన అవసరం దాగి ఉంటుంది; దాన్ని వెలికి తీసి సొంత పేరుతో రాయాలి. ‘మంచి కుటుంబం’ వెనుక ఉన్నది డబ్బు చేతికి ఇవ్వవలసి వస్తుందన్న దిగులు. దానికి పరిష్కారం వంశం కాదు, పూచీ. గతంలో పనిచేసిన చోటు నుంచో చదివిన కళాశాల నుంచో ఒకరి పరిచయం తెమ్మంటే సరిపోతుంది. ‘పెళ్లికానివాడు’ వెనుక ఉన్నది సీజన్‌లో సెలవులు పెడతారన్న భయం. అయితే ఆ సంగతే రాయాలి: వానాకాలం పంట మొదలయ్యే జూన్, జులై నెలల్లో దీర్ఘ సెలవు దొరకదని. ‘ఎంత రాత్రయినా’ అన్నది అర్హత కాదు, హద్దులేని కోరిక. ఏ గంట నుంచి ఏ గంట వరకో, సీజన్‌లో ఎంత అదనమో, ఆ అదనానికి ఏమి ఇస్తారో చెప్పాలి. పొద్దుపోయాక స్త్రీలు పనిచేయవలసి వస్తే వారి భద్రత, ఇంటికి చేరే ఏర్పాటు యజమాని తీర్చవలసిన బాధ్యతలు. వాటి బరువును అభ్యర్థి లింగం మీద వేయకూడదు.

‘తెలుగు మాతృభాష’ అన్న షరతు మా పాఠకులకు బాగా తెలిసిన గోడ. పాలమూరు పల్లెల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు చదివి, సంతలో తెలుగులో బేరమాడే ముస్లిం పిల్లలు ఎందరో ఉన్నారు. దుకాణానికి కావలసింది తెలుగు చదవడం, రాయడం, రైతుకు అర్థమయ్యేలా చెప్పడం. తల్లి ఏ భాషలో జోలపాడిందన్నది దుకాణానికి అనవసరం. ‘మాతృభాష’ స్థానంలో ‘చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చి ఉండాలి’ అని పెడితే అర్హత ఇంకా గట్టిపడుతుంది. తెలుగు మాతృభాషగా ఉండి కూడా రాయడం రానివారు లేకపోలేదు కదా!

ఇక ‘శాకాహారి’, ‘ఫొటో’, వయసు. ఈ మాటల వెనుక ఎంత వెతికినా పని దొరకదు. భోజనం విషయంలో దుకాణానికి ఏదైనా నియమం ఉంటే అది చేరినవారందరికీ చెప్పే నియమం అవుతుంది గాని ఎంపికకు కొలత కాదు. ఫొటో గడ్డాన్ని, హిజాబును, మేనిఛాయను చూపుతుంది. ఈ-పాస్ యంత్రాన్ని నడపగల నేర్పును చూపదు. 18 ఏళ్లు నిండాలన్న కనీస వయసు మోటారుసైకిల్ లైసెన్సు అడగడంలోనే వచ్చేసింది. 28 దాటకూడదన్న గీతకు కారణం లేదు.

చివరిది వ్యాకరణం. ‘గుమాస్తా’, ‘ఉద్యోగి’, ‘అభ్యర్థి’ అన్న పేర్లకు లింగం లేదు. ప్రకటనలో లింగాన్ని మోసేది వాక్యం చివరి ‘వాడు’. ‘గలవాడు’ను ‘గలవారు’ చేస్తే చాలా వరకు తీరుతుంది. ‘యువకులు’ అన్న బహువచనం మాత్రం మోసం చేస్తుంది, అందరినీ కలుపుకున్నట్టు ధ్వనిస్తూనే యువతులను వదిలేస్తుంది. ‘ఒకరు కావాలి’ అన్నది అన్నిటికన్నా సులువు. పైన అంతా ‘వాడు’ అని రాసి, కింద ‘స్త్రీలు కూడా అర్హులే’ అని అతికిస్తే చదివేవారు పై మాటనే నమ్ముతారు. సవరించిన ప్రకటన ఇలా ఉంటుంది:

“గోపాల్‌పేటలోని ఎరువుల, విత్తనాల దుకాణంలో గుమాస్తా పనికి ఒకరు కావాలి. ఈ-పాస్ యంత్రం మీద అమ్మకాలు, కంప్యూటర్‌లో బిల్లులు, స్టాకు రిజిస్టరు చూడాలి. 45–50 కిలోల బస్తాను కౌంటరు నుంచి గుమ్మం వరకు చేర్చాలి. బ్యాంకు పని మీద బైక్‌పై వనపర్తి వెళ్లాలి, లైసెన్సు తప్పనిసరి. ఇంటర్ ఉత్తీర్ణులై, తెలుగు చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చి ఉండాలి. పని వేళలు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు. జూన్, జులైలలో కొన్ని రోజులు రాత్రి 8 వరకు, అదనపు వేతనంతో. ఆ రెండు నెలల్లో దీర్ఘ సెలవు ఉండదు. పనిచేసిన చోటు లేదా చదివిన కళాశాల నుంచి ఒకరి పరిచయం తేవాలి. ఏ మతంవారైనా, స్త్రీ పురుష భేదం లేకుండా ఎవరైనా రావచ్చు.”

పాత ప్రకటనను, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి లెక్క చూడండి. పోయిన అర్హత ఒక్కటీ లేదు. పాతదానిలో లేనివి మరికొన్ని చేరాయి. సవరణ సరిగా జరిగిందనడానికి గుర్తు ఇదే. సవరించాక ఏదైనా నిజమైన అవసరం మాయమైతే ఆ సవరణ తప్పు. కొత్తగా వచ్చినవారిని తర్వాత ‘పని తెలియదు’ అని పంపివేయడానికి అదే సాకవుతుంది.

మతమో లింగమో నిజంగానే పనిలో భాగమయ్యే సందర్భాలు లేకపోలేదు. మసీదుకు ఇమామ్ కావాలంటే ముస్లిం అయి ఉండటం ఆ పనిలోనే ఉంది. బాలికల వసతిగృహంలో రాత్రివేళ ఉండే వార్డెన్ స్త్రీ అయి ఉండాలనడానికి కారణం చెప్పవచ్చు. కాని అదే కొలత మనకూ వర్తిస్తుంది. ముస్లిం యజమాని బట్టల దుకాణానికి ‘ముస్లిం యువకులే కావలెను’ అని రాస్తే అందులో పని ఏమీ లేదు. ఉర్దూ బోధనకు కావలసింది ఉర్దూ అర్హత, మతం కాదు. ఇతరులను అడిగే ప్రశ్నను మనల్ని మనం అడగకపోతే ఆ ప్రశ్నకు విలువ ఉండదు.

చట్టం ఎంతవరకు తోడ్పడుతుంది? 1976 నాటి సమాన వేతన చట్టం 5వ సెక్షన్ నియామకాల్లో స్త్రీల పట్ల వివక్షను నిషేధించింది. 2019 వేతనాల స్మృతి 3వ సెక్షన్ కూడా నియామకంలో లింగ వివక్ష కూడదంటున్నది. మతం విషయంలో పరిస్థితి వేరు. రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది; ప్రైవేటు యజమాని మతాన్ని బట్టి తిరస్కరిస్తే నేరుగా ఆపే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. 2015లో ముంబయిలో ఒక వజ్రాల ఎగుమతి సంస్థ, ముస్లిమేతరులనే తీసుకుంటామని ఒక ముస్లిం పట్టభద్రుడికి రాతపూర్వకంగానే జవాబిచ్చింది. ఆ విషయం బయటపడింది అది రాతలో ఉండబట్టే.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. మాట మారినంత మాత్రాన మనసు మారదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ ఒకే స్థాయి అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థల పత్రికా ప్రకటనలకు పంపి, ఫలితాలను 2007లో ప్రచురించారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే పిలుపు అందే అవకాశం దళిత పేరుకు దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు దాదాపు మూడో వంతు మాత్రమే ఉన్నట్టు తేలింది. 2024లో తమిళనాడులోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారం వివాహిత స్త్రీలను పక్కన పెడుతున్నదని రాయిటర్స్ బయటపెట్టింది. ఆ తర్వాత నియామక ఏజెంట్ల ప్రకటనల నుంచి వయసు, లింగం, వివాహం షరతులను తొలగించమని ఆ సంస్థ చెప్పినట్టు అదే వార్తాసంస్థ రాసింది. ప్రకటన శుభ్రమైంది, చేరినవారి జాబితా కూడా మారిందా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే శుభ్రమైన ప్రకటనను మేము విజయంగా గాక, సాక్ష్యంగా చూస్తున్నాం. అర్హతలన్నీ పని పేరుతో రాసి ఉంటే, అవన్నీ ఉన్న అభ్యర్థిని తిప్పి పంపినప్పుడు ‘ఇందులో నాకు లేనిది ఏది?’ అని ఆ కాగితం చూపి అడగవచ్చు. ‘చురుకైన యువకుడు’ అని ఉన్న ప్రకటన ముందు ఆ ప్రశ్నకు తావు లేదు. గోపాల్‌పేటలో గానీ, మరెక్కడ గానీ దుకాణం గోడకు ప్రకటన అంటించబోయే యజమానిని మేము కోరేది ఇంతే: మనిషిని వర్ణించవద్దు, పనిని వర్ణించండి.