ఆలస్యమైన పనికి రెండు దారులు

వెనుకబడిన పనిని గడువుకు అందించడానికి రెండు దారులున్నాయి. డబ్బు పోసి, మనుషులను పెంచి రోజులు తగ్గించడం క్రాషింగ్. ఒకదాని తరువాత ఒకటి చేసే పనులను కొంత కలిపి నడపడం ఫాస్ట్ ట్రాకింగ్.

ఒక కల్యాణమండపం 6 రోజులు వెనుకబడిందనుకుందాము. ఆలస్యమైన రోజుకు 4,000 రూపాయల అద్దె పోతుంది. గోడలు 12 రోజులలో అయితే 60,000, 8 రోజులలో అయితే 72,000 అవుతాయి. పెరిగిన 12,000ను తగ్గిన 4 రోజులతో భాగిస్తే రోజుకు 3,000. దీనినే కాస్ట్ స్లోప్ అంటారు. పూతపనికి ఇదే లెక్క 5,000 వచ్చింది. కనుక గోడలను తొందరపెట్టడం లాభం, పూతను తొందరపెట్టడం నష్టం.

మిగిలిన 2 రోజుల మాటేమిటి? ఒక ప్రక్క గోడలు లేస్తుండగానే, లేచిన గదులలో కరెంటు గొట్టాలు వేయించవచ్చు. కూలి పెరగదు. కాని తరువాత స్విచ్చి చోటు మారిస్తే గోడ మళ్లీ పగలగొట్టవలసి వస్తుంది. అందుచేత ప్లాను ఖాయమైన గదులలోనే ఈ పని చేయించాలని మా మనవి.

ఏ దారి అయినా మొత్తం గడువును నిర్ణయించే పనుల వరుసకే పనికివస్తుంది. ప్రహరీ గేటు ముందే పెట్టినంత మాత్రాన మండపం ముందుగా తెరుచుకోదు. ఎంతమంది మేస్త్రీలు వచ్చినా స్లాబు నానవలసిన రోజులు నానవలసిందే.