ఆత్రేయపురం విద్యార్థులకు విన్నపం: ఒక వీధి నీళ్ల లెక్క తీయండి

పౌరశాస్త్రం చదువుతున్న మీ అందరినీ ఒక పని అడుగుతున్నాను. ఏదో ఒక రాత్రి, పంచాయతీ అనుమతితో, మీ ఊళ్లో ఒక వీధిని ఎంచుకుని, అన్ని కుళాయిలూ కట్టేశాక కూడా ట్యాంకులోంచి ఎన్ని నీళ్లు పోతున్నాయో కొలవండి.

ఈ లెక్క దేనికో హైదరాబాద్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి జలమండలి మన గోదావరి నీళ్లనే ఎల్లంపల్లి నుంచి ఇంచుమించు 180 కిలోమీటర్లు పంపులతో ఎత్తిపోసి నగరానికి తెస్తోంది. అంత కరెంటు ఖర్చుతో తెచ్చి, శుద్ధి చేసి వదిలిన నీళ్లలో బిల్లు డబ్బు రాని భాగాన్ని ‘ఆదాయం రాని నీరు’ అంటారు. అది 20 శాతం దాటకూడదని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో నగరాలకు ప్రమాణం పెట్టింది. చాలా నగరాలు ఆ గీత దాటే ఉన్నాయి. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు, అయితే ఇంటికి పనిచేసే మీటరు ఉండాలన్నారు. ఉచితానికి మీటరెందుకని అడిగేవాళ్లుంటారు. కొలవకపోతే 20 వేలు ఎక్కడ దాటాయో, దారిలో ఎన్ని పోయాయో ఎవరూ చెప్పలేరు.

ఆదాయం రాని నీరంతా వృథా అనుకోకండి. వీధి కుళాయి నీళ్లకూ, మంటలార్పే నీళ్లకూ బిల్లు ఉండదు. అవి ఊరి అవసరాలు. నష్టం మూడు దారుల్లో జరుగుతుంది: లీకు, దొంగ కనెక్షను, మీటరు తప్పు.

ముందు లీకు సంగతి. పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి ఉన్న పైపుకు మూడు మిల్లీమీటర్ల చిల్లు పడితే గంటకు సుమారు 200 లీటర్లు పోతాయి. రోజుకు నాలుగు గంటలు నీళ్లు వదిలే ఊళ్లో అది 800 లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. అంటే పద్నాలుగు మంది వాటా ఆ చిల్లు తాగేస్తోంది. కోనసీమలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి లీకు కంటికి కనబడదు. నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి. సరఫరా ఆగి పైపు ఖాళీ అయినప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. లైనుకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లుంటే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. పక్కింటికి నీళ్లు అందకపోవడంతో ఆ తప్పు ఆగదు, వీధి మొత్తానికీ రోగం తెస్తుంది.

ఇక కొలత. ట్యాంకు ఎక్కడం మీ పని కాదు, పంపు ఆపరేటర్‌ను అడగండి. నీళ్లు ఎక్కే వాల్వూ, అన్ని వీధుల వాల్వులూ కట్టించి ఒక గంటలో నీటిమట్టం చూడమనండి. దిగితే ట్యాంకో వాల్వో కారుతోందన్నమాట. దిగకపోతే మీ వీధి వాల్వు ఒక్కటే తెరిపించండి. ఇళ్లవాళ్లు కుళాయిలూ, సంపులకు వెళ్లే వాల్వులూ కట్టేయాలి. పైపు నిండేదాకా ఆగి, అక్కణ్నుంచి గంటసేపు, మధ్యలో అరగంటకోసారి మట్టం రాసుకోండి. ట్యాంకు ఆరు మీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉండి, మట్టం రెండు సెంటీమీటర్లు దిగిందనుకుందాం. దాని వైశాల్యం 28 చదరపు మీటర్ల పైచిలుకు, కాబట్టి పోయిన నీళ్లు సుమారు 560 లీటర్లు. రెండు అరగంటల్లోనూ ఒకేలా దిగితే లీకని అనుమానించండి. ఒక అరగంటలో ఎక్కువ, మరో అరగంటలో తక్కువ అయితే ఎవరో వాడుకుంటున్నారని. ఇది రుజువు మాత్రం కాదు, ఎవరి పేరూ రాయకండి. వీధి సద్దుమణిగాక ఇనుప కడ్డీ ఒక కొసను వాల్వు మీద, రెండో కొసను చెవికి ఆనించి వింటే లీకు దగ్గర్లో సన్నని బుస వినిపిస్తుంది. నీటి శాఖలో పాతవాళ్లు తవ్వే చోటు అలాగే పట్టుకునేవారు.

మీటరు సంగతి రాజమహేంద్రవరంలోనో హైదరాబాద్‌లోనో మీటరున్న చుట్టాలింట్లో చూడండి. 20 లీటర్ల బకెట్టును కుళాయి పూర్తిగా తిప్పి పదిసార్లు నింపితే మీటరు 200 లీటర్లు చూపాలి. తర్వాత సన్నని ధారతో ఒక్క బకెట్టు నింపండి. పాత మీటరు చాలాసార్లు కదలనే కదలదు. ఇంటి ట్యాంకు నిండే ముందు తేలే బంతి మూసుకుంటూ నీటిని ఇలాగే సన్నగా వదులుతుంది, అదంతా లెక్కకు ఎక్కదు. దీనికి విరుద్ధంగా, ఆగి ఆగి వచ్చే సరఫరాలో ముందు వచ్చే గాలికే మీటరు తిరిగి, లేని నీటికి బిల్లు పడుతుంది. కాబట్టి తప్పు ఎప్పుడూ ఇంటివాళ్లవైపే ఉందనకండి.

గోదావరి పక్కనుండగా నీటికేం కరువని పెద్దలు అనొచ్చు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు డెల్టా ఊళ్లు చెరువుల్లో నిల్వ చేసిన నీటితోనే గడపాలి. మీ కొలతను కాగితం మీద పెట్టి, తేదీ, వీధి, వాల్వు, మట్టాలు రాసి గ్రామసభలో ఇవ్వండి. లీకు బాగుచేశాక అదే వీధిలో అదే రకంగా మళ్లీ కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కనే పంచాయతీ బోర్డు మీద పెట్టమని అడగండి.