కాపలావాళ్ళని చంపేశాక తలుపులు వేస్తే ఏం లాభం?

పిల్లాడికి ముక్కు కారుతోంది, ఒళ్ళు కాస్త వెచ్చబడింది అనగానే మన ఇళ్ళలో మొదట వినబడే మాట "యాంటీబయాటిక్ వేశారా?" అని. వేయలేదంటే తల్లికి శ్రద్ధ లేదని తీర్మానం. అత్తగారు ఫోన్లో అడుగుతారు, పక్కింటావిడ గేటు దగ్గర అడుగుతుంది, మెడికల్ షాపు కుర్రాడైతే అడక్కుండానే స్ట్రిప్పు కత్తిరించి ఇస్తాడు. "స్ట్రాంగ్ మందు" వేసినావిడ మంచి తల్లి, రెండ్రోజులు ఆగి చూసినావిడ నిర్లక్ష్యపు తల్లి. ఈ లెక్కతోనే నాకు పేచీ.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని. వైరస్‌ని అది ఏమీ చేయలేదు. ఈ మాట చాలామందికి తెలుసు. తెలిసీ "వేస్తే పోయేదేముంది, ముందు జాగ్రత్త" అంటారు. పోయేదేముందో చూద్దాం.

మన పెద్దపేగులో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని అంచనా. అంటే ఒంట్లో ఉన్న మన కణాల కంటే కాస్త ఎక్కువే. అన్నీ కలిపి తూచితే 200 గ్రాములు. మనం తిన్న ఆకుకూరల్లో, పప్పుల్లో, తవుడు పోని బియ్యంలో మనకి అరగని పీచు వాటికి భోజనం. ఆ పీచుని పులియబెట్టి అవి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తాయి. వాటిలో బ్యూటిరేట్ అనేది ముఖ్యం. పెద్దపేగు లోపలి పొర కణాలకి అదే ప్రధానమైన ఆహారం.

అసలు కాపలా ఇక్కడే ఉంది. ఆ కణాలు బ్యూటిరేట్‌ని మండించుకోవడానికి ఆక్సిజన్ వాడేసుకుంటాయి. అందుకని పేగు లోపలికి ఆక్సిజన్ దాదాపు చేరదు. అక్కడ కాపురం ఉండే మంచి బాక్టీరియాలో ఎక్కువ భాగానికి ఆక్సిజన్ పడదు కాబట్టి వాటికి హాయి. విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా లాంటివాటికి మాత్రం ఆక్సిజన్ దొరికితే పండగ. దొరక్కపోతే, పైగా తిండీ చోటూ ముందే నిండిపోయి ఉంటే, కలుషితమైన నీళ్ళతోనో తిండితోనో లోపలికి వచ్చినవి కూడా చాలావరకు నిలదొక్కుకోలేక బయటికి పోతాయి. అంటే మన పేగుకి తాళం మనం వేయడం లేదు, లోపల ఉన్నవాళ్ళే వేస్తున్నారు.

ఇప్పుడు అవసరం లేని యాంటీబయాటిక్ వేశామనుకోండి. బ్యూటిరేట్ చేసేవాళ్ళు చస్తారు. పేగు కణాలు వేరే ఇంధనానికి మారతాయి, ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది, అది లోపలికి కారుతుంది. తిండి మిగిలింది, చోటు ఖాళీ అయింది, గాలి కూడా వచ్చింది. దొంగకి ఇంకేం కావాలి?

ఇది నా ఊహ కాదు. 1954లోనే షికాగో విశ్వవిద్యాలయంలో మార్జొరీ బోన్‌హాఫ్ బృందం ఎలుకల మీద చూపించింది. మామూలు ఎలుకల్లో సగానికి సాల్మొనెల్లా జబ్బు అంటాలంటే నోటి ద్వారా దాదాపు లక్ష క్రిములు ఇవ్వాల్సి వచ్చింది. ముందు రోజు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన ఎలుకలకి పదిలోపే సరిపోయాయి. లక్ష ఎక్కడ, పది ఎక్కడ! ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. మనుషుల్లో లెక్క అచ్చం అలాగే ఉంటుందని అనను, కానీ దారి ఒకటే.

కాపలా ఒక్కటే కాదు, చదువు కూడా వాళ్ళే చెబుతారు. ఏ సూక్ష్మజీవీ తగలకుండా పెంచిన ఎలుకల్లో పేగు గోడలోని రక్షణ వ్యవస్థ సరిగా ఎదగదు. ఎవరిని తరమాలి, ఎవరిని ఊరికే వదిలేయాలి అన్న తేడా మన రక్షణ కణాలు ఈ అద్దెకున్నవాళ్ళ దగ్గరే నేర్చుకుంటాయి. మొదటి రెండు మూడేళ్ళు ఆ బడి నడిచే కాలం. మనం సరిగ్గా ఆ వయసు పిల్లలకే నెలకో కోర్సు వేస్తున్నాం.

ఇక ఇళ్ళలో జరిగే కథ చూడండి. రెండేళ్ళ పిల్లకి జలుబు. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సిరప్పు మొదలుపెడతారు. మూడోరోజుకి నీళ్ళ విరేచనాలు. "ఇన్ఫెక్షన్ పొట్టలోకి దిగింది" అంటారు. దిగలేదమ్మా! పులియబెట్టేవాళ్ళు చచ్చారు కాబట్టి అరగని పిండిపదార్థం అలాగే మిగిలి నీళ్ళని పట్టుకుంటోంది. ఈ మందుకి ఇది తరచుగా కనబడేదే. దానికి విరుగుడని ఇంకో యాంటీబయాటిక్ వేస్తే మిగిలిన కాపలావాళ్ళు కూడా పోతారు.

తేడా ఎలా తెలుస్తుంది? మందు మొదలుపెట్టాక వచ్చిన నీళ్ళ విరేచనాలు, జ్వరం లేదు, రక్తం లేదు, పిల్ల ఆడుకుంటోంది అంటే చాలావరకు మందు ప్రభావమే. ఓఆర్ఎస్ ఇస్తూ, మామూలు తిండి పెడుతూ, మందు కొనసాగించాలా అని రాసిన డాక్టర్నే అడగాలి. రక్తం పడినా, జ్వరం పెరిగినా, ఉచ్చ తగ్గినా, కళ్ళు లోతుకుపోయినా, పిల్ల మగతగా ఉన్నా మాత్రం ఇంట్లో కూర్చుని ఆలోచించకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

"దానికేం, మంచి బాక్టీరియా క్యాప్సూల్ కూడా ఇచ్చారుగా" అంటారా? ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో వెన్న పూసినట్టుంది. యాంటీబయాటిక్ వేసే రోజుల్లో కొన్ని రకాల ప్రోబయోటిక్స్ పిల్లల్లో విరేచనాలు తగ్గిస్తాయి, అది నిజం. కానీ పోయినవాళ్ళని తిరిగి తేవడం వేరే సంగతి. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు యాంటీబయాటిక్ వేసుకున్న 21 మంది పెద్దవాళ్ళని పరిశీలించారు. పదకొండు రకాలున్న ప్రోబయోటిక్ వేసుకున్నవాళ్ళలో సొంత బాక్టీరియా తిరిగి రావడం, ఏమీ వేసుకోని వాళ్ళలో కన్నా ఆలస్యమైంది. చిన్న అధ్యయనమే, నిజమే. అయినా క్యాప్సూల్ మింగించి "లెక్క సరిపోయింది" అనుకోవడానికి ఆధారం లేదని మాత్రం చెబుతోంది. పెరుగు సంగతీ అంతే. పెరుగన్నం తప్పకుండా పెట్టండి, కమ్మగా ఉంటుంది. కానీ అందులో ఉన్నవి దారిన పోయే చుట్టాలు, మన పేగులో కాపురం పెట్టేవి కావు. కాపురం ఉన్నవాళ్ళకి కావలసింది పీచు.

యాంటీబయాటిక్స్ వద్దని నేను అనడం లేదు. న్యుమోనియా, టైఫాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్త విరేచనాలు లాంటివాటికి డాక్టరు రాస్తే అవి ప్రాణం నిలిపే మందులు. వేళకి వేయాలి, మన ఇష్టానికి మధ్యలో మానకూడదు. నా గొడవల్లా జలుబుకి, "దేనికైనా మంచిది" అన్న మాటకి, పోయిన నెల సీసాలో మిగిలిన సిరప్పుకి.

కాబట్టి ఈసారి డాక్టరు "వైరల్, మందు అక్కర్లేదు" అంటే "ఏదో ఒకటి రాయండి" అనకండి. రాస్తే "ఇది దేనికి, బాక్టీరియా అని ఎలా అనుకుంటున్నారు?" అని అడగండి. అడిగిన తల్లికి తలపొగరు అంటారు, అననీయండి. మందు వేయకుండా పిల్ల పక్కన కూర్చుని, ఊపిరి ఎలా ఆడుతోందో, ఉచ్చ పోస్తోందో లేదో గంటగంటకీ చూడటమే ఎక్కువ కష్టం. దాన్ని నిర్లక్ష్యం అనే హక్కు స్ట్రిప్పు కత్తిరించి చేతులు దులుపుకునేవాళ్ళకి లేదు.