వీడ్కోలు సందేశంలో అమానతు

ఒక వీధిలో పన్నెండేళ్ళు కాపురమున్న కుటుంబం కెనడాకు తరలివెళ్తున్నదనుకుందాం. భార్యాభర్తలూ పిల్లలూ వెళ్తున్నారు. వృద్ధురాలైన తల్లి మాత్రం ఇక్కడే ఉండిపోతున్నది. వీధివారి వాట్సాప్ గ్రూపులో వీడ్కోలు సందేశం వ్రాయవలసి వచ్చింది. సాధారణంగా ఏం వ్రాస్తారు? రెండు పూలగుత్తుల బొమ్మలు, “మిమ్మల్ని మరువలేము” అన్న మాట, పైగా ప్రయాణ తేదీ, విమానం వేళ!

దైవప్రవక్త (స) ప్రయాణికునికి వీడ్కోలు పలికిన విధానాన్ని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) భద్రపరచి మనకందించారు. ప్రయాణికుణ్ణి దగ్గరకు పిలిచి, ఆయన (స) నేర్పిన రీతిలోనే సాగనంపేవారు. అందులో మూడింటిని అల్లాహ్‌కు అప్పగించడం ఉంది: ప్రయాణికుని ధర్మం, అతని అమానతు, అతని కర్మల ముగింపు. ఇక్కడ అమానతు అంటే ప్రయాణికుడు వెనుక వదిలివెళ్ళే ఆలుబిడ్డలు, అయినవారు, ఎవరికో అప్పగించిన సొమ్ము అని హదీసు వ్యాఖ్యాత ఖత్తాబీ వివరించారు. అంటే వీడ్కోలు మాట వెళ్ళేవారితోపాటు మిగిలిపోయేవారిని గురించినది కూడా. మన సందేశాలలో లోపించేది సరిగ్గా ఇదే.

కనుక సందేశం ఇలా ఉండవచ్చు: “అస్సలాము అలైకుమ్ భాయ్‌సాబ్, భాభీజాన్! మీ దీన్‌నూ, మీవారినీ, మీ పనుల ముగింపునూ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. అమ్మీజాన్ ఇకపై మా అందరికీ అమ్మీజానే. మా మాటవల్ల గానీ చేతవల్ల గానీ మీకు నొప్పి కలిగి ఉంటే మన్నించండి.”

గ్రూపులో హిందూ సోదరులు కూడా ఉంటారు గనుక అరబీ దుఆ ఒక్కటే పెట్టి ఊరుకోరాదు. దాని భావం తెలుగులో ఉంటే వారూ మనసారా ఆమీన్ పలుకుతారు. తేదీ, విమానం, ముసలమ్మ ఒంటరిగా ఉంటున్న సంగతి వ్రాయకూడదు. సందేశం చేతులు మారుతూ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆమె మందులు ఎవరు తేవాలి, రాత్రివేళ ఎవరి తలుపు తట్టాలి అన్నవి ఇద్దరు ముగ్గురు పొరుగువారు ఆమె ఎదుటనే కూర్చుని తేల్చుకోవాలి. గ్రూపులో “మేమున్నాం” అని నలభైమంది వ్రాసినా, పేరు పెట్టి ఒప్పుకున్నవాడు లేకపోతే ఆమెకు ఒక్కరూ లేనట్లే.

వెళ్ళేవారికీ ఒక జవాబు ఉంది. తన వద్ద ఉంచినదేదీ పోగొట్టని అల్లాహ్‌కు ఇక్కడున్నవారిని అప్పగిస్తున్నామని చెప్పడం ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. దానితోపాటు, “మేము ఎవరికైనా బాకీ ఉంటే నేరుగా మాకు తెలియజేయండి” అని చేర్చాలి. బాకీల వివరాలు అందరి ముందూ పెట్టనక్కరలేదు. అయితే ఈ మాట ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే రావాలి. విమానాశ్రయం నుండి పంపితే, కిరాణా కొట్టువాడు లెక్క చూసుకునేలోగా పాత నంబరు మూగబోతుంది.