‘ట్యాంకుకు ఎంత పోయాలె?’: పత్తి రైతులకూ మందు చెప్పేవారికీ హెచ్చరిక

పత్తి విత్తి మూడు వారాలు దాటింది. వాన పడ్డాక చేను నిండా గడ్డి లేచింది. మంచాల, ఆరుట్ల, జాపాల వైపు ఏ రైతైనా ఈ రోజుల్లో మందుల దుకాణానికి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: “అన్నా, గడ్డి బాగ మొల్చింది, ట్యాంకుకు ఎంత పోయాలె?” అవతలి నుంచి జవాబు కూడా అంతే పొట్టిగా వస్తుంది: “ఇరవై ఐదు పోయి.” అడిగినవాడు ఏ పంటో చెప్పలేదు, చెప్పినవాడు ఏ పంట అనుకున్నాడో చెప్పలేదు. ఇద్దరికీ విషయం తెలిసిపోయినట్టే ఉంటుంది. ఈ సీజన్‌లో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఆ ఇరవై ఐదు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పత్తిలో వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం 10 శాతం మందును ఎకరాకు 250 మిల్లీలీటర్లు, గడ్డిజాతి కలుపుకు క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం మందును 400 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టమంటారు. పైరు 20 నుంచి 30 రోజుల మధ్య ఉండాలి, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉండాలి, నేలలో పదును ఉండాలి. 20 లీటర్ల ట్యాంకులు పది కొడితే 200 లీటర్లు. అందుకే ట్యాంకుకు మొదటిది 25, రెండోది 40. దుకాణదారు మనసులో ఈ లెక్కంతా ఉంది. రైతు చెవిన పడింది ఒక్క అంకె.

రైతు వీపున ఉన్నది 16 లీటర్ల బ్యాటరీ పంపు అనుకుందాం. ఎకరాకు అదే 200 లీటర్లు పట్టించాలంటే పన్నెండున్నర ట్యాంకులు కావాలి. ట్యాంకుకు 25 చొప్పున 250 పడాల్సిన చోట 312 పడతాయి. ఆకులు పసుపెక్కి పైరు కొన్నాళ్లు ఎదగకుండా నిలిచిపోవచ్చు. ఇంకో రైతు దగ్గర పవర్ స్ప్రేయర్ ఉంది, గబగబా నడిచి ఐదు ట్యాంకులతోనే ఎకరం ముగించాడు. అతని చేనుకు అందింది 125, అంటే సగం. కలుపు కాస్త వాడి మళ్లీ లేస్తుంది, అప్పుడు దుకాణం ముందు నకిలీ మందు అని గొడవ. డబ్బాలో మందు సరైనదే, తప్పింది ట్యాంకుల లెక్క.

వివరాలన్నీ అడిగాకే జవాబు చెప్పాలని మేం అనడం లేదు. మబ్బు కమ్ముతుంటే, దుకాణంలో పదిమంది నిలబడి ఉంటే పది ప్రశ్నలు ఎవరూ వినరు. జవాబు చెప్పండి, కానీ దేన్ని అనుకొని చెబుతున్నారో అంకెకు ముందే చెప్పండి. “పత్తే కదా, విత్తి ఇరవై రోజులు దాటినయనుకుంటున్న. ఇరవై లీటర్ల ట్యాంకు, ఎకరానికి పది ట్యాంకులు. అట్లయితే ఇరవై ఐదు పోయి. ఇందుల ఏదన్న తేడా ఉంటే ఇప్పుడే చెప్పు.” పది సెకన్ల మాట. పంపు పదహారు లీటర్లదైతే రైతు అక్కడే ఆపుతాడు, 20 పోయమని మీరు దిద్దుతారు. అంకె ముందు చెప్పి షరతులు తర్వాత చెబితే లాభం లేదు; అంకె వినగానే సగం మంది ఫోన్ పెట్టేస్తారు. ఊహ కూడా రైతు తన కళ్లతో సరిచూసుకోగలిగే మాటల్లో ఉండాలి. ‘సిఫారసు మోతాదు ప్రకారం’ అంటే అతను దిద్దడానికి ఏమీ ఉండదు. రెండు మందులూ కలిపి ఒకే డబ్బాలో వచ్చేవీ ఉన్నాయి, వాటి మోతాదు వేరు. కాబట్టి ఏ డబ్బా అనుకొని చెబుతున్నారో కూడా చెప్పండి, వీలైతే బిల్లు వెనక రాసివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం ఊహ పనికిరాదు. అది పంట. మంచాల మండలంలో ఒకే రైతుకు బోరు కింద వరి, మెట్ట మీద పత్తి ఉండటం మామూలే. ‘గడ్డి మందు’ అంటే వరికి ఒకటి, పత్తికి ఒకటి. వరిలో వాడే 2,4-డి పత్తిని తాకితే ఆకులు బెండ ఆకుల్లా చీలి ముడుచుకుపోతాయి. గట్టు మీదుగా గాలికి వచ్చిన తుంపర చాలు, పంపులో మిగిలిన తడి కూడా చాలు. గ్లైఫోసేట్ అయితే మామూలు పత్తిలో గడ్డినీ మొక్కనూ వేరు చేయదు. ఎక్కువ తక్కువ పడిన మోతాదును వచ్చే వారం సర్దుకోవచ్చు, మాడిన చేనును సర్దుకోలేం. అందుకే పంట పేరు తెలియనిదే డబ్బా చేతికివ్వొద్దు, అంకె నోటికి రానివ్వొద్దు.

రైతన్నా, అవతలివాళ్లు చెప్పకపోతే మీరే అడగండి: “ఎన్ని లీటర్ల ట్యాంకు అనుకొని చెప్తున్నవ్?” పక్క చేను రైతు చెప్పిన అంకెకైనా ఇదే ప్రశ్న. అనుమానముంటే మీ క్లస్టర్ ఏఈఓను అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెబుతారు. వరిలో 2,4-డి కొట్టిన పంపును మాత్రం పత్తి చేలోకి తీసుకెళ్లకండి.