నోటీసు వెళ్లింది, డబ్బు రాలేదు

బండికి యాక్సిడెంట్ అయితే, ఆ రోజు నడుస్తున్న పాలసీయే డబ్బు కడుతుంది. కంపెనీ డైరెక్టర్లకూ, పెద్ద ఆఫీసర్లకూ తీసుకునే డీ అండ్ ఓ ఇన్సూరెన్స్ అలా కాదు. అక్కడ తప్పు ఎప్పుడు జరిగిందని చూడరు, దాని మీద ‘క్లెయిమ్’ ఎప్పుడు వచ్చిందని చూస్తారు. అందుకే వీటిని క్లెయిమ్స్-మేడ్ పాలసీలంటారు. ఇక్కడ క్లెయిమ్ అంటే మనం ఇన్సూరెన్స్ వాళ్లని డబ్బు అడగడం కాదు. బయటివాళ్లు మన మీద కేసు వేయడమో, అధికారికంగా చర్య మొదలుపెట్టడమో.

మరి రెగ్యులేటర్ ఊరికే ‘కొన్ని కాగితాలు పంపండి’ అని లెటర్ రాస్తే? చాలా పాలసీల్లో అది ఇంకా క్లెయిమ్ కాదు. కానీ రేపు కావచ్చు, అప్పటికి పాలసీ గడువు అయిపోవచ్చు. దీనికోసమే ‘నోటీస్ ఆఫ్ సర్కమ్‌స్టాన్సెస్’ అనే దారి ఉంది. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరి మీద, ఎలాంటి కేసు రావచ్చు అన్నవి వివరంగా రాసి, పాలసీ ముగిసేలోపు ఇన్సూరర్‌కి పంపాలి. ‘ఏదైనా సమస్య రావచ్చు’ అని గాల్లో రాస్తే చెల్లదు. సరిగ్గా పంపితే, తర్వాత వచ్చే క్లెయిమ్ కూడా ఈ పాలసీ ఖాతాలోనే పడుతుంది.

అయితే నోటీసు పంపేస్తే ఖర్చంతా వచ్చేస్తుందా? అమెరికాలో ఆఫీస్ డిపో కంపెనీ ఇదే పాఠం నేర్చుకుంది. 2007 జూలైలో అక్కడి మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ, అనధికారిక విచారణకు సహకరించమని ఆ కంపెనీకి లెటర్ రాసింది. 2008 జనవరిలో అధికారిక విచారణ ఆర్డర్ వచ్చింది. ఆ ఏడాది చివర్లో కొందరు ఆఫీసర్లకు, ‘మీ మీద చర్యకు సిఫార్సు చేయబోతున్నాం’ అని చెప్పే వెల్స్ నోటీసులు అందాయి. ఈలోపు లాయర్లకీ, కాగితాలు వెతికి ఇవ్వడానికీ కంపెనీకి 2 కోట్ల డాలర్లకు పైనే అయింది.

ఆఫీస్ డిపో వాదన సింపుల్: ‘మేం ముందే చెప్పాం కాబట్టి మొదటి రోజు నుంచీ ఖర్చు ఇవ్వాలి.’ 2011లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. ముందే చెప్పడం వల్ల, తర్వాత వచ్చే క్లెయిమ్ ఏ పాలసీ కిందకి వస్తుందో తేలుతుంది, అంతే. క్లెయిమ్ కాకముందు పెట్టిన ఖర్చు, దానివల్ల క్లెయిమ్ ఖర్చు అయిపోదు. పైగా ఆ పాలసీలో కంపెనీ మీద జరిగే రెగ్యులేటర్ విచారణని విడిగా మినహాయించారు.

మన భాషలో చెప్పాలంటే, నోటీసు టికెట్‌కి తేదీ వేస్తుంది, స్టేటస్ మార్చదు.

హైదరాబాద్ కంపెనీకి సెబీ లెటర్ వచ్చినా ముందు చూడాల్సింది పాలసీలో క్లెయిమ్ అన్న పదానికి ఇచ్చిన అర్థమే. అనధికారిక విచారణ అందులో ఉందా? ఉంటే ఆఫీసర్లకేనా, కంపెనీకీనా? కొన్ని పాలసీలు ‘ప్రీ-క్లెయిమ్ ఎంక్వైరీ’ కవర్ ఇస్తాయి, కానీ అది ఎక్కువగా వ్యక్తులకే. ఇది లెటర్ వచ్చాక కాదు, పాలసీ రెన్యువల్ టైమ్‌లోనే అడగాలి.