ఫోన్ పోయిందా? స్టేషన్ కన్నా ముందు సిమ్!

కోచింగ్ కోసమో, ఇంటర్వ్యూల కోసమో హైదరాబాద్ వచ్చారు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో బస్సు దిగేసరికి జేబులో ఫోనూ లేదు, పర్సూ లేదు. చాలామంది నేరుగా పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తుతారు. నా ఉద్దేశంలో అది రెండో పని. మొదటి పని సిమ్ బ్లాక్ చేయించడం.

ఎందుకంటే స్క్రీన్ లాక్ మీ ఫోన్‌కే కానీ సిమ్‌కు కాదు. దొంగ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే బ్యాంకు ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. పక్కనున్న ఫ్రెండ్ ఫోన్ అడిగి ముందు మీ నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌కు, ఆ వెంటనే బ్యాంకుకు కాల్ చేయండి. కార్డుతో పాటు యూపీఐ కూడా ఆపమని విడిగా చెప్పండి. రిఫరెన్స్ నంబర్, టైమ్ రాసుకోండి. మీరు బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదేనని ఆర్‌బీఐ నిబంధన చెబుతోంది. దానికి రుజువు ఆ నంబరే. అప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కి కూడా కాల్ చేయాలి.

ఇక స్టేషన్. దొంగతనం జరిగిందని తెలిసినా ‘ఎక్కడో పడిపోయింది’ అని రాసిచ్చేస్తాం, పని త్వరగా అవుతుందని. అలా రాయకండి. కొట్టేశారని తెలిస్తే ‘దొంగతనం’ అనే రాయండి. ‘ఇది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం పరిధితో సంబంధం లేకుండా కేసు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఆ కాపీతోనే ceir.gov.in లో ఫోన్‌ను బ్లాక్ చేయొచ్చు. ఐఎంఈఐ నంబర్ కావాలి. అది ఫోన్ డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. ఈరోజే దాన్ని ఫొటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి. బ్లాకయ్యాక ఆ ఫోన్‌లో ఏ సిమ్ వేసినా మన దేశంలో నెట్‌వర్క్ రాదు. ఫోన్ దొరికితే అదే పోర్టల్‌లో అన్‌బ్లాక్ చేసుకోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ పోర్టల్‌కు ఓటీపీ కావాలి కాబట్టి డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్ యాక్టివేట్ అయ్యాక 24 గంటల వరకు ఎస్ఎంఎస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నియమమే అది, కానీ రేపే అప్లికేషన్‌కు ఆఖరి తేదీ అయితే? ఓటీపీ లేకుండా లాగిన్ అవ్వలేరు. అందుకే సిమ్ ‘ఎల్లుండి చూద్దాంలే’ అని వాయిదా వేయొద్దు. స్టోర్ తెరిచి ఉంటే ఆ రాత్రే తీసుకోండి. ఇంటర్వ్యూ ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో ఇంకో నంబర్ ఇవ్వండి.

ఫోన్ తిరిగి రాకపోవచ్చు. కానీ ఈ వరుస తప్పకపోతే ఖాతాలో డబ్బు, చేతిదాకా వచ్చిన ఇంటర్వ్యూ రెండూ మిగులుతాయి.